కొత్త డిస్ట్రిబ్యూషన్ సెంటర్ ఎక్కడ పెట్టాలి? విశాఖ చుట్టూ గురుత్వ కేంద్రం లెక్క, మెట్టు మెట్టుగా

చెన్నైలో ఎంత సరుకు పోతుందో కోల్‌కతాలోనూ అంతే పోతుందనుకోండి. రెండింటికీ కలిపి ఒక్క గోడౌన్ ఎక్కడ పెట్టాలని, పోయే సరుకును బట్టి ఊళ్ల స్థానాల సగటు తీసే గురుత్వ కేంద్రం పద్ధతిని అడిగితే, విశాఖ తీరానికి తూర్పున దాదాపు 100 కి.మీ. దూరంలో, బంగాళాఖాతం మధ్యలో వేలు పెట్టి చూపిస్తుంది. లెక్కలో తప్పేమీ లేదు. రెండు నగరాల అక్షాంశ రేఖాంశాల సగటు తీస్తే 17.8, 84.3 వస్తుంది, అక్కడ ఉన్నది నీళ్లే. అలాగని ఈ పద్ధతి పనికిరానిదని కాదు. అది ఇచ్చేది ఒక బిందువు మాత్రమే. ఆ బిందువును ఎలా తీయాలో చాలామందికి తెలుసు. తీశాక దాన్ని ఎంతవరకు నమ్మాలి, అక్కడి నుంచి అసలు స్థలానికి ఎలా రావాలి అన్న దగ్గరే తడబడతారు. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

ఉదాహరణకు ఒక ఊహాత్మక వ్యాపారం తీసుకుందాం. సబ్బులు, నూనెలు, బిస్కెట్ల లాంటి రోజువారీ సరుకు నెలకు 1000 టన్నులు. ఉత్తరాంధ్ర మొత్తానికీ ఒకే డిస్ట్రిబ్యూషన్ సెంటర్. సరుకంతా విజయవాడ వైపు నుంచి పెద్ద లారీల్లో వస్తుంది, ఇక్కడి నుంచి చిన్న బండ్లలో ఊళ్లకు పోతుంది. టన్నులు, రేట్లు నేను వేసుకున్నవి. మీవి వేరుగా ఉంటాయి, లెక్క చేసే తీరు మారదు.

మొదటి మెట్టు: ఊళ్లు, టన్నులు

పన్నెండు నెలల డిస్పాచ్ రికార్డు తీసి ఊరి వారీగా కూడండి. ఒక్క నెల చాలదు, ఎందుకంటే సంక్రాంతికి, దసరాకు పోయే సరుకు ఊళ్ల నిష్పత్తినే మార్చేస్తుంది. టన్నుల్లో లెక్క కట్టాలా, బండ్ల లెక్కన కట్టాలా అన్నది సరుకును బట్టి ఉంటుంది. నూనె డబ్బాలకు బరువు ముందు నిండుతుంది, చిప్స్ ప్యాకెట్లకు బండి ముందు నిండుతుంది. తేలికైన సరుకును టన్నుల్లో కొలిస్తే ఆ ఊరి కిరాయి ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది.

ఇక్కడ ఇంకో చిక్కుంది. మీ దగ్గరున్నవి అమ్మకాల అంకెలు, గిరాకీ అంకెలు కావు. ఇప్పటి గోడౌన్‌కు దూరంగా ఉన్న పలాసకు వారానికి ఒక్క బండి పోతుంటే అక్కడి అమ్మకం తక్కువగానే ఉంటుంది. ఆ తక్కువ అంకెతోనే కొత్త గోడౌన్ లెక్క వేస్తే అది మళ్లీ పాత గోడౌన్ పక్కనే పెట్టమంటుంది. అందుకే దూరపు ఊళ్లకు, సేల్స్ వాళ్లను అడిగి, సరుకు సమయానికి అందితే ఎంత పోతుందో ఆ అంకె కూడా వేరే కాలమ్‌లో రాసుకోండి. చివర్లో పనికొస్తుంది.

రెండో మెట్టు: డిగ్రీలను కిలోమీటర్లుగా మార్చడం

గూగుల్ మ్యాప్స్‌లో ఊరి మీద నొక్కితే రెండు అంకెలు వస్తాయి. ముందుది అక్షాంశం, అంటే ఉత్తరానికి ఎంత. రెండోది రేఖాంశం, అంటే తూర్పుకు ఎంత. లెక్కల్లో మనం ముందు x, తర్వాత y రాస్తాం కాబట్టి ఈ రెండూ తారుమారు కావడం చాలా మామూలు. ఫలితం ఎక్కడో ఆర్కిటిక్ సముద్రంలో తేలితే మీరు చేసింది అదేనని అర్థం.

డిగ్రీలను అలాగే వాడకూడదు. అక్షాంశం ఒక డిగ్రీ ఎక్కడైనా సుమారు 111 కి.మీ. రేఖాంశం డిగ్రీ మాత్రం భూమధ్య రేఖ నుంచి పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. విశాఖ దగ్గర అది 106 కి.మీ. చిన్న తేడాయే, కానీ సరిచేయడానికి ఒక్క గుణకారం చాలు. 17 డిగ్రీల ఉత్తరం, 82 డిగ్రీల తూర్పు కలిసే చోటును సున్నాగా పెట్టుకుని, రేఖాంశంలోంచి 82 తీసి 106తో, అక్షాంశంలోంచి 17 తీసి 111తో గుణించండి. ఉదాహరణకు శ్రీకాకుళం 18.30, 83.90. తూర్పుకు 201 కి.మీ., ఉత్తరానికి 144 కి.మీ. అవుతుంది.

మూడో మెట్టు: భారం కట్టడం

ఊరు లెక్కను ఎంత గట్టిగా తనవైపు లాగుతుందన్నది టన్నుల్లో ఒక్కటే లేదు. టన్నును కిలోమీటరు మోయడానికి అయ్యే కిరాయి కూడా ఉంది. రెండూ గుణిస్తే వచ్చేదాన్ని భారం అందాం. గోడౌన్ ఆ ఊరికి ఒక కిలోమీటరు దూరం జరిగితే నెలకు ఎన్ని రూపాయలు ఎక్కువవుతాయో చెప్పే అంకె అది.

ఇక్కడ చాలామంది లోపలికి వచ్చే సరుకును మరచిపోతారు. వచ్చేది కూడా కిరాయి పెట్టుకునే వస్తుంది. అయితే అది నిండు లారీల్లో వస్తుంది కాబట్టి టన్ను-కిలోమీటరుకు చవక. బయటికి పోయేది టాటా ఏస్, బొలెరో పికప్ లాంటి బండ్లలో, ఖాళీగా తిరిగొచ్చే ఖర్చుతో కలిపి, చాలా ఖరీదు. మన ఉదాహరణలో లోపలికి టన్ను-కిలోమీటరుకు 3 రూపాయలు, బయటికి 9 రూపాయలు అనుకుందాం. మీ రేట్లు పాత ట్రిప్ షీట్లలో దొరుకుతాయి. కిరాయిని టన్నులతో, కిలోమీటర్లతో భాగిస్తే చాలు. పలాస లాంటి దూరాలకు పెద్ద బండి పెడితే దాని రేటు ఇంకా తక్కువగా వేయాలి. ఇక్కడ సులువు కోసం అన్నిటికీ ఒకటే వేశాను.

మరి లోపలికి వచ్చే సరుకును మ్యాప్‌లో ఎక్కడ పెట్టాలి? విజయవాడలో పెట్టకండి. విజయవాడ నుంచి తుని దాకా అయ్యే కిరాయి గోడౌన్ గాజువాకలో ఉన్నా ఆనందపురంలో ఉన్నా ఒకటే. తుని దాటాక దారి ఎంత అన్నదే తేడా. కాబట్టి ఆ 1000 టన్నులనూ మన ప్రాంతానికి గుమ్మం లాంటి తుని దగ్గర పెట్టాలి. ఇదేదో చిన్న సర్దుబాటు కాదు. తునికి బదులు విజయవాడ అంకెలు పెట్టి చూస్తే సగటు బిందువు ఒక్కసారిగా 55 కి.మీ. నైరుతికి జారి, అనకాపల్లి దాటి నర్సీపట్నం వైపు పొలాల్లో పడుతుంది.

| చోటు | నెలకు టన్నులు | తూర్పుకు కి.మీ. | ఉత్తరానికి కి.మీ. | భారం |
|---|---|---|---|---|
| విశాఖ నగరం | 400 | 134 | 80 | 3600 |
| అనకాపల్లి | 100 | 106 | 77 | 900 |
| విజయనగరం | 150 | 148 | 123 | 1350 |
| శ్రీకాకుళం | 150 | 201 | 144 | 1350 |
| పార్వతీపురం | 80 | 152 | 198 | 720 |
| పలాస | 120 | 257 | 196 | 1080 |
| తుని (లోపలికి) | 1000 | 58 | 40 | 3000 |

మొత్తం భారం 12,000.

నాలుగో మెట్టు: సగటు బిందువు

ప్రతి ఊరి తూర్పు అంకెను దాని భారంతో గుణించి, అన్నీ కూడి, మొత్తం భారంతో భాగించాలి. ఉత్తరపు అంకెకూ అంతే. ఎక్సెల్‌లో B కాలమ్‌లో తూర్పు, C లో ఉత్తరం, D లో భారం పెట్టుకుంటే రెండు లైన్లు:

```
=SUMPRODUCT(D2:D8,B2:B8)/SUM(D2:D8)
=SUMPRODUCT(D2:D8,C2:C8)/SUM(D2:D8)
```

వచ్చేది 134.2, 99.3. దాన్ని మళ్లీ డిగ్రీల్లోకి తిప్పితే 17.895 ఉత్తరం, 83.266 తూర్పు. మ్యాప్‌లో అది కొత్తవలసకూ ఆనందపురానికీ మధ్య. తునిని మరచిపోయి, బయటికి పోయే టన్నులతో మాత్రమే లెక్క వేస్తే బిందువు 159.6, 119.1 దగ్గర, అంటే భోగాపురం, పూసపాటిరేగల మధ్య పడేది. లోపలి కిరాయి ఒక్కటి చేర్చినందుకు 30 కి.మీ. పైనే వెనక్కి వచ్చింది.

చాలా ఆఫీసుల్లో పని ఇక్కడితో ఆగిపోతుంది. కొత్తవలస దగ్గర స్థలం చూడమని ఎవరినో పంపుతారు. నా మాట వింటే ఇంకో గంట కూర్చోండి.

ఐదో మెట్టు: సగటును ఎందుకు అనుమానించాలి

భారాల సగటు కనిష్ఠం చేసేది కిరాయిని కాదు. అది కనిష్ఠం చేసేది భారాన్ని దూరం వర్గంతో గుణించిన మొత్తాన్ని. మాటల్లో చెప్పాలంటే, దూరం రెట్టింపైతే లారీవాడు రెట్టింపు అడుగుతాడు, ఈ లెక్క మాత్రం నాలుగింతలు వేస్తుంది. అందుకే దూరంగా ఉన్న చిన్న ఊరు తన స్థాయికి మించి లాగుతుంది. మన పట్టికలోనే చూడండి. సగటు లెక్కలో ఊరి లాగుడు భారం ఇంటూ దూరం. బిందువు నుంచి పలాస 156 కి.మీ. దూరం, కాబట్టి దాని లాగుడు 1,69,000 దాకా ఉంది. మూడింతలకు పైగా భారమున్న విశాఖ 19 కి.మీ. దూరంలోనే ఉంది కాబట్టి దాని లాగుడు 69,000 మాత్రమే. నెలకు 120 టన్నులు కొనే ఊరు 400 టన్నులు కొనే నగరాన్ని ఓడిస్తోంది. కిరాయి బిల్లులో అలా ఎప్పటికీ జరగదు.

నిజంగా కిరాయి తగ్గించే బిందువు కావాలంటే లెక్క కొంచెం మారాలి. జర్మనీకి చెందిన ఆల్‌ఫ్రెడ్ వెబర్ 1909లో పరిశ్రమల స్థానాల గురించి రాస్తూ ఈ ప్రశ్నను ముందుకు తెచ్చాడు. ఎండ్రే వైస్‌ఫెల్డ్ అనే హంగేరీ గణితవేత్త 1937లో దానికి సులువైన దారి ఇచ్చాడు. ప్రతి భారాన్నీ ప్రస్తుత బిందువు నుంచి ఆ ఊరికున్న దూరంతో భాగించి, ఆ కొత్త భారాలతో మళ్లీ సగటు తీయాలి. వచ్చిన బిందువు నుంచి మళ్లీ దూరాలు కొలిచి, మళ్లీ తీయాలి. కదలడం ఆగేవరకు ఇంతే.

ఎక్సెల్‌లో ప్రస్తుత బిందువును H1, H2 లలో పెట్టుకోండి. E కాలమ్‌లో దూరం, F లో కొత్త భారం, ఈ రెండు ఫార్ములాలనూ 8వ వరుస దాకా కిందికి లాగండి:

```
E2: =MAX(0.1,SQRT((B2-$H$1)^2+(C2-$H$2)^2))
F2: =D2/E2
J1: =SUMPRODUCT(F2:F8,B2:B8)/SUM(F2:F8)
J2: =SUMPRODUCT(F2:F8,C2:C8)/SUM(F2:F8)
```

J1, J2 లో వచ్చిన విలువలను H1, H2 లోకి పేస్ట్ చేస్తూ పోవాలి. ఆ MAX ఎందుకంటే, బిందువు ఏదైనా ఊరి మీదే సరిగ్గా పడితే దూరం సున్నా అయి ఎక్సెల్ ఎర్రర్ చూపిస్తుంది.

మన లెక్కలో మొదటిసారి తిప్పితే బిందువు 133, 91కి దిగుతుంది. రెండోసారికి 132, 86. మ్యాప్‌లో చూస్తే అది సింహాచలం దగ్గర. గోడౌన్ పెట్టమంటే అప్పన్న కొండ దాకా తీసుకొచ్చిందన్నమాట. ఇంకా తిప్పుతూ పోతే నెమ్మదిగా విశాఖ నగరం మీదికే, 134, 80కే చేరి ఆగిపోతుంది. తక్కువ ఖర్చు బిందువు కొత్తవలస దగ్గర లేదు, నగరంలోనే ఉంది. నేరు దూరాల మీద నెల కిరాయి సగటు బిందువు దగ్గర 7.78 లక్షలు, నగరం దగ్గర 7.38 లక్షలు. భోగాపురం బిందువు దగ్గరైతే 8.89 లక్షలు.

తిప్పకుండానే తెలుసుకునే పరీక్ష

ఇన్నిసార్లు తిప్పే ముందు చేయదగ్గ పరీక్ష ఒకటుంది. నాకు ఈ మొత్తం పద్ధతిలో ఎక్కువగా నచ్చేది ఇదే. పాత రోజుల్లో దీన్ని చెక్క పలకతో చేసేవారు. మ్యాప్ అతికించిన పలకకు ఊళ్ల చోట రంధ్రాలు పెట్టి, ఒక్కో రంధ్రంలోంచి దారం దింపి, కింద ఆ ఊరి భారానికి తగ్గ తూకపు రాయి కట్టి, పైన దారాలన్నీ ఒకే ముడి వేసి వదిలేవారు. ముడి ఎక్కడ ఆగితే అదే చోటు. గమనించండి, ఆ దారాల్లో లాగుడు తూకాన్ని బట్టే ఉంటుంది, దారం పొడవును బట్టి కాదు. సగటు లెక్కలో లేని నిజం ఇదే.

ఇప్పుడు ముడిని విశాఖ రంధ్రం మీద పెట్టామనుకోండి. మిగతా ఆరు దారాలూ కలిసి దాన్ని ఎంత బలంతో బయటికి లాగుతాయి? ఒక్కో ఊరికి విశాఖ నుంచి తూర్పు తేడా, ఉత్తరపు తేడా తీసి, దూరంతో భాగించి, భారంతో గుణించండి. అనకాపల్లి పడమటికి 895, విజయనగరం ఉత్తరానికి 1284, తుని పడమటికి 2655, దక్షిణానికి 1397, ఇలా. అన్నీ కూడితే నికరంగా పడమటికి 1261, ఉత్తరానికి 2176. రెండింటి వర్గాల మొత్తానికి వర్గమూలం తీస్తే 2515. విశాఖ సొంత భారం 3600. బయటికి లాగే బలం దానికంటే తక్కువ కాబట్టి ముడి కదలదు. జవాబు విశాఖే.

ఇందులోంచి ఒక సూత్రం దానంతటదే వస్తుంది. ఒక చోటు భారం మొత్తంలో సగం దాటితే మిగతావన్నీ ఒకే దిక్కుకు లాగినా దాన్ని కదల్చలేవు. ఉదాహరణకు మీ సరుకు విజయవాడ నుంచి కాక కంటైనర్లలో విశాఖ పోర్టుకు వస్తోందనుకోండి. అప్పుడు తునిలోని 3000 భారం నగరానికి వచ్చి చేరుతుంది, నగరం భారం 6600 అవుతుంది. 12,000లో సగానికి పైనే. ఇక ఎక్సెల్ తెరవనక్కర్లేదు.

ఆరో మెట్టు: బిందువు ఊరి మీద పడితే ఊరిని విడగొట్టాలి

అయినా 'విశాఖ నగరం' అన్న జవాబుతో ఏం చేస్తాం? నగరం మొత్తాన్ని ఒక చుక్కగా పెట్టి, ఆ చుక్క మీదే గోడౌన్ పెడితే 400 టన్నులూ సున్నా దూరం పోతాయని లెక్క నమ్ముతోంది. గాజువాక నుంచి మధురవాడ దాకా ఒక్కసారి బండిలో పోయి వచ్చినవాళ్లెవరూ అలా నమ్మరు. జవాబు ఏదైనా చుక్క మీద సరిగ్గా వాలితే, ఆ చుక్కను విడగొట్టి మళ్లీ చూడాలి.

నగరాన్ని మూడుగా చీలుద్దాం. గాజువాక వైపు 160 టన్నులు, నగరం నడిబొడ్డు 140, మధురవాడ వైపు 100. ఇప్పుడు ఒకే బిందువు వెతకడం మానేసి, మనకు నిజంగా దొరికే చోట్లను పక్కపక్కన పెట్టి మొత్తం కిరాయి కట్టాలి. ఒక్కో చోటికి, అన్ని ఊళ్ల భారాన్ని దూరంతో గుణించి కూడటమే.

నగరం నడిబొడ్డు 7.69 లక్షలు. గాజువాక 7.69 లక్షలు. పెందుర్తి 7.67 లక్షలు. ఆనందపురం 7.91 లక్షలు.

మొదటి మూడింటి మధ్య తేడా రెండు వేల రూపాయలు. ఈ మూడు చోట్లూ ఒకదానికొకటి 10 నుంచి 15 కి.మీ. దూరంలో ఉన్నాయి, అయినా కిరాయి కదల్లేదు. ఈ పద్ధతితో పనిచేసినవాళ్లు త్వరగా గమనించేది ఇదే. ఖర్చు వంపు అడుగున చాలా చదునుగా ఉంటుంది. సరైన బిందువుకు పది కిలోమీటర్లు అటూ ఇటూ జరిగినా పెద్దగా పోయేదేమీ లేదు. 50 కి.మీ. జరిగితే మాత్రం భోగాపురం బిందువులా లక్ష దాటుతుంది. కాబట్టి దశాంశాల దాకా బిందువు తీసి మురిసిపోవడం అనవసరం. లెక్క పని ప్రాంతాన్ని తేల్చడం, ఆ తర్వాత ఎంపిక చేసేది అద్దె, రోడ్డు, లారీ రాకపోకలు.

ఏడో మెట్టు: నేరు గీతను రోడ్డు మీదికి తేవడం

ఇప్పటిదాకా వేసినవి కాకి ఎగిరే దూరాలు. చాలామంది అన్నిటినీ 1.2తోనో 1.3తోనో గుణించి రోడ్డు దూరం అనుకుంటారు. అన్ని దిక్కులా రోడ్లు ఒకేలా ఉంటే పర్వాలేదు. మన దగ్గర ఒకవైపు సముద్రం, ఇంకోవైపు తూర్పు కనుమలు. విశాఖ నుంచి శ్రీకాకుళానికి జాతీయ రహదారి 16 మీద నేరు దూరానికి రోడ్డు దూరం సుమారు అయిదో వంతే పెరుగుతుంది. అరకుకు పోతే నేరుగా 80 కి.మీ. కూడా లేనిది ఘాట్ రోడ్డులో 110 దాటుతుంది, పైగా ఆ కిలోమీటర్లు నెమ్మదిగా నడిచేవి, డీజిల్ తాగేవి. పాడేరు, అరకుల సరుకు మీ జాబితాలో ఉంటే వాటి గుణకం వేరుగా వేయాలి, రేటు కూడా వేరుగా.

ఎంపిక చేసిన మూడు నాలుగు చోట్లకు మాత్రం గుణకాలు వద్దు. మ్యాప్‌లో లారీ పోయే దారినే కొలవండి. పెందుర్తి సంగతే చూడండి. మధురవాడకు నేరుగా 16 కి.మీ., మధ్యలో సింహాచలం కొండల వరుస ఉంది. బండి చుట్టూ తిరిగి పోవాలి. ఆ దారి ఒక 10 కి.మీ. ఎక్కువైందనుకుంటే మధురవాడ భారం 900 కాబట్టి నెలకు 9 వేలు పెరుగుతుంది, అక్కడితో పెందుర్తి ఆధిక్యం పోతుంది. మరోవైపు ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లి దాకా నగరాన్ని తప్పించి పోయే ఆరు వరుసల రోడ్డు ఉంది. తుని నుంచి వచ్చే పెద్ద లారీ నగరంలోకి దిగకుండానే పెందుర్తి చేరుతుంది. నడిబొడ్డులో గోడౌన్ ఉంటే అదే లారీ నగరంలో నో ఎంట్రీ వేళలు ముగిసేదాకా బయటే ఆగాలి. ఆ ఆగుడుకు కిరాయి పట్టికలో కాలమ్ లేదు, కానీ డ్రైవర్లు హాల్టింగ్ చార్జీ అడుగుతారు. నా ఉద్దేశంలో మొదటి మూడింటిలో పెందుర్తి వైపే మొగ్గాల్సింది ఇందుకే, ఆ రెండు వేల రూపాయల కోసం కాదు.

ఎనిమిదో మెట్టు: అద్దెతో బేరం పెట్టడం

ఆనందపురం పెందుర్తి కంటే నెలకు 24 వేలు ఎక్కువ. రోడ్డు గుణకం 1.25 వేస్తే 30 వేలు. 20 వేల చదరపు అడుగుల గోడౌన్ అయితే చదరపు అడుగుకు రూపాయిన్నర. ఇప్పుడు బ్రోకర్‌తో మాట్లాడటానికి మీ చేతిలో ఒక అంకె ఉంది. ఆనందపురంలో అద్దె పెందుర్తి కంటే అడుగుకు రూపాయిన్నరకు మించి తక్కువైతే ఆనందపురం, కాకపోతే పెందుర్తి. హమాలీల కూలి, కరెంటు, సెక్యూరిటీ ఖర్చుల్లో తేడా ఉంటే వాటినీ ఈ రూపాయిన్నర పక్కనే వేసుకోవాలి.

అంతకు ముందు ఒక్కసారి, మొదటి మెట్టులో పక్కన పెట్టిన 'సరుకు అందితే పోయే' అంకెలను బయటికి తీయండి. శ్రీకాకుళం, పార్వతీపురం, పలాసల్లో అమ్మకం ఒకటిన్నర రెట్లు అయితే? లోపలికి వచ్చేది కూడా 175 టన్నులు పెరుగుతుంది, దాన్ని మరచిపోవద్దు. మళ్లీ కట్టి చూస్తే పెందుర్తి 10.04 లక్షలు, ఆనందపురం 10.10 లక్షలు. 24 వేల తేడా 6 వేలకు తగ్గిపోయింది. ఉత్తరం వైపు వ్యాపారం పెరుగుతుందని మీకు గట్టి నమ్మకం ఉంటే చదరపు అడుగుకు నలభై పైసల తేడా కూడా ఆనందపురానికి చాలు. ఆ నమ్మకం లేకపోతే పెందుర్తిలోనే, లాకిన్ పీరియడ్ తక్కువగా ఉండే అగ్రిమెంట్ అడగండి.

ఈ లెక్క చూడలేనివి

మనం ప్రతి ఊరికీ వేరే బండి పోయి వస్తుందనుకున్నాం. నిజంలో పలాస పోయే బండి దారిలో శ్రీకాకుళంలో సగం దించుతుంది. అలాంటి ట్రిప్పులు ఎక్కువైతే రెండు ఊళ్లకూ పూర్తి భారం వేయడం వల్ల ఆ దిక్కు లాగుడు ఎక్కువగా కనిపిస్తుంది. సరిచేయడానికి తేలిక మార్గం, ఊరి వారీగా కాకుండా రూటు వారీగా రేటు కట్టడం. ఆ రూటు నెల కిరాయి మొత్తాన్ని, దించిన టన్నుల్లో ఒక్కోటి గోడౌన్ నుంచి ఎన్ని కిలోమీటర్లు పోయిందో ఆ టన్ను-కిలోమీటర్ల మొత్తంతో భాగించి, వచ్చిన రేటునే ఆ ఊళ్లకు వాడాలి.

సమయాన్ని కూడా ఇది చూడదు. పెందుర్తి నుంచి పలాస పోయి, సరుకు దించి, అదే రోజు రాత్రికి డ్రైవర్ తిరిగి రావాలంటే బండి ఉదయం ఎన్నింటికి గేటు దాటాలో విడిగా చూసుకోవాలి. రాత్రి అక్కడే ఆగితే రెండో రోజు బత్తా, రెండో రోజు బండి అద్దె పడతాయి. కిలోమీటరు రేటుతో అది రాదు. పలాస ఒక్కదానికే ఇది సమస్యైతే గోడౌన్‌ను ఉత్తరానికి జరపడం కంటే శ్రీకాకుళంలో చిన్న ట్రాన్సిట్ పాయింట్ పెట్టడం చవకేమో చూడాలి. గోడౌన్లు రెండు కావాలా ఒకటి చాలా అన్న ప్రశ్నకు కూడా ఈ పద్ధతిలో జవాబు లేదు. దానికి ఊళ్లను రెండు గుంపులుగా విడగొట్టి, ఒక్కో గుంపుకు ఇదే లెక్క వేసి, ఆదా అయ్యే కిరాయిని రెండో గోడౌన్ అద్దెతో, అక్కడ పడి ఉండే స్టాకు మీద వడ్డీతో పోల్చాలి. మన ఉదాహరణలో శ్రీకాకుళం, పార్వతీపురం, పలాసలకు కలిపి నెలకు 350 టన్నులు, అంటే రోజుకు 12 టన్నుల లోపే. రెండో గోడౌన్ ఖర్చంతా మోయాల్సింది ఆ సరుకే.